నాయికానాయకుల కలయికను సీరియల్ రచయితలు ఎందుకు వాయిదా వేస్తారు?

చిక్కడపల్లి పాఠకురాలు

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రాత్రి ఏడున్నరకు అత్తయ్యతో కలిసి ఒక సీరియల్ చూస్తాను. అందులో నాయికానాయకులకు పెళ్లయి మా లెక్క ప్రకారం ఎనిమిది నెలలు దాటింది. ఈనాటికీ ఆయన రాత్రి కాగానే దిండు, దుప్పటి తీసుకుని సోఫా మీదికి వెళ్లిపోతాడు, ఆమె మంచం అంచున గోడవైపు తిరిగి పడుకుంటుంది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఇష్టమని ఇంట్లో పనిమనిషితో సహా అందరికీ తెలుసు.

వాయిదా వేయడం తప్పని నేను అనడం లేదు. ఇంతకు ముందు ఇంకొక సీరియల్‌లో ఇలాగే ఏడాదికి పైగా ఆగాను, ఒక్కరోజు కూడా విసుగు రాలేదు. ఈ సీరియల్ దగ్గరికి వచ్చేసరికి నెల రోజులుగా కోపం వస్తోంది. ఎదురుచూపు రెండింటిలోనూ ఉన్నప్పుడు ఒకటి ఎందుకు కట్టిపడేసింది, ఇంకొకటి ఎందుకు విసిగిస్తోంది? కలిపేస్తే కథ అయిపోతుందని రచయితలు నిజంగా నమ్ముతారా, లేక దీని వెనుక మాకు కనిపించని కారణాలు ఏమైనా ఉన్నాయా? ఈ రంగంలో పనిచేసిన వారు ఎవరైనా ఉంటే చెప్పండి.

నాచారం ప్రేక్షకుడు

దీనికి జవాబు దాదాపు నలభై ఏళ్ల క్రితమే తేలిపోయిందండి. అమెరికాలో ఏబీసీ చానల్‌లో 1985 నుంచి 1989 వరకు 'మూన్‌లైటింగ్' అనే సీరియల్ వచ్చింది. డిటెక్టివ్ ఏజెన్సీ నడిపే మ్యాడీగా సిబిల్ షెపర్డ్, డేవిడ్‌గా బ్రూస్ విల్లిస్ నటించారు. ఇద్దరూ ప్రతి ఎపిసోడ్‌లోనూ వాదించుకునేవారు, తలుపులు ధడాలున వేసుకునేవారు, వీళ్లు ఎప్పుడు ఒకటవుతారా అని ప్రేక్షకులు మూడు సీజన్ల పాటు కాచుకుని కూర్చున్నారు. 1987 మార్చి 31న వాళ్లిద్దరినీ కలిపారు. ఆ తరువాత సీరియల్ పతనమై రెండేళ్లకే ఆగిపోయింది. అప్పటి నుంచి అక్కడి రచయితలకు ఆ పేరు వింటేనే భయం, జంటను కలిపితే సీరియల్‌కు శాపం తగులుతుందన్న మాట స్థిరపడిపోయింది. మన రచయితలు కూడా అదే సూత్రాన్ని పాటిస్తున్నారు. ఎదురుచూపు ఉన్నంత కాలమే ప్రేక్షకుడు ఉంటాడు. ఆకలి తీరిన తరువాత విస్తరి ముందు ఎవరూ కూర్చోరు కదా.

వేసవి గాలి

నా సంగతి చెబుతాను, ప్రశ్నకు సంబంధం లేదనిపిస్తే క్షమించండి. మా పెళ్లి మూడేళ్లు వాయిదా పడింది. ఆయనకు చెల్లెలు ఉంది, ఆమె పెళ్లి అయ్యేదాకా ఆగాలన్నారు. తరువాత మా నాన్నగారికి ఆపరేషన్ అయింది. ఆ తరువాత ఆయన ఉద్యోగం మారింది. ఆ మూడేళ్లలో ఒకరినొకరు అపార్థం చేసుకున్నది బహుశా రెండుసార్లే, అవి కూడా ఆ సాయంత్రమే తీరిపోయాయి. ట్యాంక్‌బండ్ మీద కూర్చుని ఎవరి జీతంలో ఎంత మిగులుతుందో లెక్క వేసుకునేవాళ్లం. సీరియళ్లలో ఇలాంటి కారణాలు ఎందుకు రావు? డబ్బు, చెల్లెలి పెళ్లి, ఇంట్లో జబ్బు వంటి వాటి వల్ల ఆగిపోయిన జంటలు ఈ ఊరిలో ఎన్ని లేవు? ఎంతసేపూ ఎవరో ఒక మేనకోడలు వచ్చి ఉత్తరం దాచేయడమే కారణమవుతుంది.

కృష్ణానగర్ మాటల రచయిత

నేను పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో రోజువారీ సీరియళ్లకు మాటలు రాస్తున్నాను, రెండింటికి స్క్రీన్‌ప్లే కూడా చేశాను. పాఠకురాలు గారి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు నాచారం గారు చెప్పిన 'మూన్‌లైటింగ్' సంగతి కొంచెం సరిచేయాలి, ఎందుకంటే మా చర్చల్లో కూడా దానిని ఇలా సగమే చెబుతుంటారు.

తేదీ సరిగ్గానే చెప్పారు. అయితే ఆ తరువాత తెర మీద ఏం జరిగిందో చూడండి. 1987 సెప్టెంబరులో నాలుగో సీజన్ మొదలయ్యేసరికి సిబిల్ షెపర్డ్ కవలలతో గర్భవతి. బ్రూస్ విల్లిస్ 'డై హార్డ్' సినిమా షూటింగ్‌కు వెళ్లాడు. ఇద్దరూ ఒకేసారి సెట్‌లో దొరకడం కష్టమైంది. అందుకని కథలో మ్యాడీని చికాగోలో ఉన్న తల్లిదండ్రుల ఇంటికి పంపించారు, డేవిడ్ లాస్ ఏంజెలిస్‌లో ఉండిపోయాడు. తిరుగు ప్రయాణంలో రైల్లో పరిచయమైన ఒక కొత్త మనిషిని ఆమె పెళ్లి చేసుకున్నట్లు చూపించారు. ఆ సీరియల్‌లో ఇద్దరూ ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తూ గబగబా మాట్లాడుకుంటారు కాబట్టి స్క్రిప్టు మామూలు గంట కార్యక్రమానికి ఉండవలసిన పుటలకు దాదాపు రెట్టింపు ఉండేది, దాని వల్ల మొదటి నుంచీ ఎపిసోడ్లు ఆలస్యమవుతూనే వచ్చాయి. దానికి తోడు సీరియల్ సృష్టికర్త గ్లెన్ గోర్డన్ కారన్ మధ్యలో తప్పుకున్నాడు, 1988లో రచయితల సమ్మె నెలల తరబడి సాగింది.

ఆ సీరియల్‌ను జనం దేని కోసం చూశారు? ఆ ఇద్దరూ ఒకే గదిలో నిలబడి వాదించుకోవడం కోసం చూశారు. కలిసిన తరువాత వాళ్లు ఒకే గదిలో కనిపించడమే అరుదైపోయింది. జంట కలవడం వల్ల సీరియల్ చచ్చిపోయిందో, కలిసిన జంటను చూపించలేకపోవడం వల్ల చచ్చిపోయిందో మీరే ఆలోచించండి. నా మట్టుకు రెండోదే అంటాను.

దాని పక్కన 'చీర్స్' పెట్టి చూడండి. అది ఎన్‌బీసీలో 1982లో మొదలైంది. బార్ నడిపే మాజీ బేస్‌బాల్ ఆటగాడు శామ్, అక్కడ సర్వర్‌గా చేరిన చదువరి డయాన్, వీళ్లిద్దరూ మొదటి సీజన్ చివర్లోనే, 1983లో, ఒకటయ్యారు. రెండో సీజన్ అంతా కలిసే ఉన్నారు. సీరియల్ ఏమీ కూలిపోలేదు, 1987లో డయాన్ పాత్ర వెళ్లిపోయిన తరువాత కూడా 1993 వరకు నడిచింది. కారణం ఏమిటంటే, వాళ్ల మధ్య ఉన్న అడ్డంకి వాళ్ల స్వభావంలోనే ఉంది. ఆమెకు పుస్తకాలు, అతనికి ఆట. అతను తెలివితక్కువవాడని ఆమె లోలోపల అనుకుంటుంది, ఆమెకు గర్వమని అతను అనుకుంటాడు. ముద్దు పెట్టుకున్నంత మాత్రాన ఆ తేడా పోదు, పైగా ఇంకా దగ్గరగా గుచ్చుకుంటుంది.

ఇక మన దగ్గరికి వస్తే ముందు ఒక చిన్న లెక్క చూడాలి. మన సీరియల్‌లో అరగంట స్లాట్‌కు ప్రకటనలు తీసేస్తే సుమారు ఇరవై రెండు నిమిషాలు మిగులుతాయి. వారానికి ఆరు రోజులంటే రెండు గంటలు దాటుతుంది. 'మూన్‌లైటింగ్' అయిదు సీజన్లూ కలిపితే యాభై గంటలు, కాస్త అటూ ఇటూ. అంటే వాళ్లు నాలుగేళ్లకు పైగా చెప్పిన కథంతా మాకు ఆరు నెలలకు సరిపోదు. అందుకే వాళ్లలాగా పెళ్లిని చివరి దాకా ఆపడం మన పద్ధతిలో కుదరదు. మేము మూడుముళ్లు ముందే వేయించేస్తాం. ఎక్కువ సీరియళ్లలో మొదటి వంద ఎపిసోడ్ల లోపే పెళ్లి అయిపోతుంది. పెళ్లి వారం రేటింగ్ బాగుంటుంది, ఇంటిల్లిపాదీ ఫ్రేములో ఉంటారు, పట్టుచీరలు, భజంత్రీలు, వదినలు, బావలు అందరూ ఉంటారు. ఇబ్బంది ఆ తరువాతి వారం మొదలవుతుంది. అందుకని తాళి ముందు పడుతుంది, మనసు తరువాత కలుస్తుంది. పాఠకురాలు గారు చెప్పిన సోఫా, దిండు అక్కడి నుంచి వచ్చినవే.

మిగిలినది రాత్రికి రాస్తాను. ఇప్పుడు రేపటి సీన్ పేపర్ పంపాలి.

నాచారం ప్రేక్షకుడు

ఇద్దరూ విడివిడిగా షూటింగ్ చేశారన్న సంగతి నాకు తెలియదండి, సినిమా పేరు తెలుసు గానీ ఆ సమయంలోనే జరిగిందని గమనించలేదు. అయినా నా అభిప్రాయాన్ని పూర్తిగా వదులుకోలేను. 'ఫ్రెండ్స్'లో రాస్, రేచల్‌లను ముందుగా కలిపి, మళ్లీ విడదీసి, 2004 మే నెలలో చివరి ఎపిసోడ్ దాకా లాక్కువచ్చారు. కలిపితే భయం లేదనుకుంటే మళ్లీ విడదీయవలసిన అవసరం ఏముంది?

బర్కత్‌పురా తెలుగు పంతులు

నేను ముప్పై రెండేళ్లు కళాశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. ఇక్కడ అమెరికా సంగతులు విన్న తరువాత మన ఆలంకారికులు చెప్పిన మాట ఒకటి గుర్తు చేయాలనిపించింది. విప్రలంభం, అంటే ఎడబాటు, లేనిదే సంభోగ శృంగారానికి, అంటే కలయికలోని ప్రేమకు, పుష్టి రాదని, గుడ్డను ముందుగా కషాయంలో ముంచితేనే రంగు గాఢంగా పట్టుతుందని వాళ్లు అన్నారు. 'రాగం' అంటే రంగు, అనురాగం రెండూ కనుక ఆ పోలిక ఎంతో అందంగా కుదిరింది.

ఈ విప్రలంభాన్ని పూర్వరాగం, మానం, ప్రవాసం, కరుణం అని నాలుగు విధాలుగా చెప్పారు. ఇంకా కలవని ఇద్దరి తపన మొదటిది, కలిసినవారి మధ్య అలక రెండోది, ఒకరు దూరదేశం వెళ్లడం మూడోది, ఒకరు మరణించారనుకుని రెండోవారు శోకించగా మళ్లీ సమాగమం కలగడం నాలుగోది. రచయిత గారు చెప్పినట్లు మన సీరియళ్లు పెళ్లి ముందే జరిపించేస్తాయి కనుక పూర్వరాగానికి అక్కడ చోటు తక్కువ. మిగిలిన మూడింటితోనే బండి నడుస్తుంది. నా దృష్టిలో వీటిలో మానం అన్నిటికంటే కష్టమైనది. సత్యభామ అలక మనకు ఈనాటికీ ఎందుకు రుచిస్తుంది? ఆమె అలకకు పారిజాతం ఒక నెపం మాత్రమే, తాను కృష్ణుడికి ఎంత అన్నది ఆమె అడుగుతున్న ప్రశ్న. అలక కారణం చిన్నదైనా దాని వేరు లోతుగా ఉంది. నేటి సీరియళ్లలో కారణం చాలా పెద్దదిగా ఉంటుంది, వేరు మాత్రం కనబడదు.

మణికొండ ఎడిటర్

కృష్ణానగర్ గారు చెప్పినవి చాలావరకు నిజమే. నేను ఎడిటింగ్ గదిలో కూర్చునేవాడిని కాబట్టి అక్కడి నుంచి కనిపించేది చెబుతాను. నాయకుడు "నీకొక మాట చెప్పాలి" అన్న సీన్ ఒకటి వచ్చిందనుకోండి. ఆ మాట ఎపిసోడ్ ముగింపులో పడుతుంది, ఆమె ముఖం మీద ఫ్రేము ఆగుతుంది. మరునాడు అదే సీన్ మొదటి రెండు నిమిషాలు మళ్లీ వస్తుంది. తరువాత ఫోన్ మోగుతుంది. అతను ఫోన్ తీసుకుని వరండాలోకి వెళతాడు, ఆమె ఒక్కతే గదిలో నిలబడి ఉంటుంది, బయట తలుపు పక్కన ఇంకెవరో వింటుంటారు, ముగ్గురి ముఖాల మీదికీ కెమెరా మూడుసార్లు వెళ్లివస్తుంది. ఆ ఒక్క మాట చుట్టూ నేను రెండున్నర ఎపిసోడ్లు కత్తిరించిన వారం ఉంది. అప్పటికి మాకు బ్యాంకింగ్, అంటే ముందే సిద్ధం చేసి ఉంచుకున్న ఎపిసోడ్లు, టెలికాస్ట్‌కు రెండు రోజులకు సరిపడా మాత్రమే మిగిలాయి. రచయిత కావాలని సాగదీశాడని బయటివాళ్లు అనుకున్నారు. నిజానికి ఆ వారం నాయకుడి పాత్రధారికి జ్వరం, తరువాతి సీను తీయడానికి మనిషి లేడు.

కృష్ణానగర్ మాటల రచయిత

ఎడిటర్ గారు నేను చెప్పబోయే విషయానికి దారి వేశారు. మా దగ్గర 'కాంబినేషన్ డేట్స్' అనే మాట ఉంది. నాయికకు నెలలో పదిహేను రోజుల కాల్షీట్ ఉంటుంది, మిగిలిన రోజులు ఆమె ఇంకొక భాషలో ఇంకొక సీరియల్ చేస్తూ ఉంటుంది. నాయకుడిదీ అదే పరిస్థితి. ఇద్దరూ ఒకేరోజు దొరికేది నెలకు ఎనిమిది, తొమ్మిది రోజులు కావచ్చు. ప్రేక్షకుడికి కావలసిన సీన్లన్నీ ఆ ఎనిమిది రోజుల్లోనే తీయాలి. మిగిలిన రోజుల్లో ఆమె వంటింట్లో అత్తగారితో, అతను ఆఫీసులో తమ్ముడితో మాట్లాడుతూ ఉండాలి. ఇద్దరినీ కలిపి సంతోషంగా ఉంచితే ప్రతి ఎపిసోడ్‌లోనూ ఇద్దరూ కలిసి కనబడాలి కదా, అన్ని రోజులు మా దగ్గర లేవు. వాళ్ల మధ్య అలక పెట్టామంటే వేరువేరు గదుల్లో ఉండడానికి కథలోనే కారణం దొరుకుతుంది. అందుకే 'మూన్‌లైటింగ్' కథ విన్నప్పుడల్లా నాకు మా షెడ్యూల్ చార్టు గుర్తొస్తుంది.

ఇక పాఠకురాలు గారి అసలు ప్రశ్న, ఒక ఎదురుచూపు ఎందుకు పట్టుకుంటుంది, ఇంకొకటి ఎందుకు విసిగిస్తుంది. దీనికి నేను పనిచేసిన ఒక సీరియల్‌నే చెబుతాను, పేరు వద్దు. ఉప్పల్‌లో టిఫిన్ సెంటర్ నడిపే అమ్మాయి, హైకోర్టులో ప్రాక్టీసు చేసే అబ్బాయి, నాయనమ్మ కోసం ఏడాది ఒప్పందం మీద పెళ్లి చేసుకుంటారు. ఒప్పందం పెళ్లి కొత్త విషయం కాదు, అది నాకూ తెలుసు. మొదలుపెట్టే ముందు మా స్క్రీన్‌ప్లే రచయిత ఒక పెద్ద కాగితం మీద రెండు నిలువు వరుసలు గీశారు. ఒకవైపు ఆమె గురించి అతనికి తెలియనివి, ఇంకొకవైపు అతని గురించి ఆమెకు తెలియనివి. ఆమె పదో తరగతి తరువాత చదువు ఎందుకు ఆపేసింది, తెల్లవారుజామున నాలుగింటికి లేచి పిండి రుబ్బేటప్పుడు ఎందుకు ఎవరితోనూ మాట్లాడదు, అతను తండ్రి ఫోటో ఉన్న గదిలోకి ఎందుకు వెళ్లడు, ఇలా మొత్తం ఇరవైకి పైగా వచ్చాయి. నియమం ఒక్కటే. ప్రతి వారం చివరికి ఆ కాగితంలో ఒక్క విషయమైనా ఒకరి నుంచి ఒకరికి తెలియాలి, తెలిసిన తరువాత వాళ్లు మునుపటిలా ప్రవర్తించకూడదు.

ఒక వారం సంగతి చెబుతాను. అతను తెల్లవారుజామున మంచినీళ్ల కోసం వంటింట్లోకి వస్తాడు. ఆమె గ్రైండరులో పిండి తిప్పుతూ పెదవులు కదుపుతూ ఉంటుంది. పూజ చేసుకుంటోందనుకుని వెళ్లిపోతాడు. మూడో రోజు దగ్గరగా విని, అది ఎక్కాలు, ఆ తరువాత ఇంగ్లీషు పదాల స్పెల్లింగులు అని గ్రహిస్తాడు. ఆ రోజు అతను ఏమీ అనడు. మరునాడు వంటింటి అలమారలో పప్పు డబ్బా పక్కన ఒక డిక్షనరీ ఉంటుంది. అంతే, వాళ్లు ముట్టుకోలేదు, ప్రేమ అన్న మాట ఎవరూ అనలేదు, సోఫా సోఫాగానే ఉంది. కానీ ఆ వారం ప్రోమో కింద వచ్చిన వ్యాఖ్యల్లో సగం ఆ డిక్షనరీ గురించే.

దాదాపు నూట నలభై ఎపిసోడ్ల దగ్గర మా కాగితం ఖాళీ అయిపోయింది. ఇద్దరికీ అన్నీ తెలిసిపోయాయి, ఒప్పందం కాగితం చించేయడం ఒక్కటే మిగిలింది. సరిగ్గా అప్పుడే అంకెలు పెరిగాయి. టీవీ రేటింగులు లెక్కించే బార్క్ వాళ్ల వారం అంకెలు గురువారం వస్తాయి, ఆ గురువారం చానల్ నుంచి ఫోన్ వచ్చింది. ఇంకో మూడు నెలలు వాళ్లు ఒకటి కాకూడదన్నారు. కాదనలేకపోయాం. నాయకుడి మేనత్త కూతురిని తెచ్చాం, ఒక మెడికల్ రిపోర్టు మార్పించాం, నాయిక అతని మేలు కోరి దూరమయ్యేలా చేశాం. ఆ మాటలు రాసినవాడిని నేనే, ఇప్పటికీ ఆ వారాలు తలచుకుంటే బాధగా ఉంటుంది. ఎందుకంటే నాయిక ఒక్కసారి నోరు తెరిచి అడిగితే తీరిపోయే విషయం అది, కానీ అంతకు ముందు నూట నలభై ఎపిసోడ్లలో ఆమెను నేను అడగగలిగిన మనిషిగా తీర్చిదిద్దాను. ఆమె నోరు మూయించడానికి నేనే ఆమెను మార్చేయవలసి వచ్చింది.

రేటింగ్ మొదటి మూడు వారాలు నిలబడింది, తరువాత జారింది. అంకెల కంటే ముందే మాకు తెలిసిన గుర్తు ఒకటి ఉంది. అంతకు ముందు వ్యాఖ్యల్లో "ఎప్పుడు చెబుతాడు" అని అడిగేవారు. రెండో వారానికి అది "ఎందుకు చెప్పడు" అయింది. మొదటి ప్రశ్న పాత్రను అడిగేది, రెండోది రచయితను అడిగేది. పాఠకురాలు గారికి నెల రోజులుగా వస్తున్న కోపం అదేననుకుంటాను.

నాచారం ప్రేక్షకుడు

ఇది బాగుంది. కానీ మీ లెక్క ప్రకారం అయితే 'కార్తీకదీపం' నడవకూడదు. స్టార్ మాలో 2017లో మొదలై 2023 జనవరి దాకా పదిహేను వందలకు పైగా ఎపిసోడ్లు వచ్చింది. తాను తండ్రి కాలేనని నమ్మిన డాక్టర్ బాబు కార్తీక్ తన భార్య దీపను అనుమానించడం మీదే ఏళ్ల తరబడి కథ నిలబడింది. ఒక్క డీఎన్ఏ పరీక్ష చేయిస్తే తీరిపోతుందని ఊరంతా అంది. అందరూ రచయితను "ఎందుకు" అని అడుగుతూనే ఉన్నారు, అయినా ప్రతి రాత్రీ చూశారు. మా అమ్మ కూడా అంతే.

కృష్ణానగర్ మాటల రచయిత

మంచి ప్రశ్న వేశారు, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నాకు తోచింది చెబుతాను. అక్కడ మా అమ్మలు ఎదురుచూసింది వాళ్లిద్దరూ ఎప్పుడు దగ్గరవుతారా అని కాదు, దీప నిర్దోషి అని అతను ఎప్పుడు ఒప్పుకుంటాడా అని. అది ప్రేమకథ కంటే న్యాయం కోసం ఎదురుచూపు. న్యాయం ఆలస్యమైతే కోపం వస్తుంది, కానీ ఆ కోపం అతని మీదికి, విలన్ మోనిత మీదికి వెళుతుంది. రచయిత మీదికి వెళ్లేది కొంత భాగమే. పైగా దీప ఆ ఏళ్లన్నీ ఊరికే కూర్చోలేదు, వంట చేసుకుని, బిడ్డను పెంచుకుని తన కాళ్ల మీద నిలబడింది. ఆమె కథ ముందుకు కదులుతూనే ఉంది.

2022లో జరిగింది గమనించండి. దీప, కార్తీక్ ఇద్దరూ ప్రమాదంలో మరణించినట్లు చూపించి, కథను పెద్దవాళ్లయిన పిల్లల మీదికి మార్చారు. ప్రేక్షకులు ఒప్పుకోలేదు. అదే ఏడాది ఆ ఇద్దరినీ మళ్లీ కథలోకి తీసుకురావలసి వచ్చింది. కలవని జంటను భరించారు, గొడవపడే జంటను భరించారు, జంట కనబడకపోవడాన్ని మాత్రం భరించలేదు. చికాగోకు వెళ్లిపోయిన మ్యాడీ విషయంలో జరిగింది కూడా ఇదేనని నా నమ్మకం.

బర్కత్‌పురా తెలుగు పంతులు

మరణించారనుకున్నవారు తిరిగి రావడం కరుణ విప్రలంభమే. అయితే అందులో ఒక షరతు ఉంది. మళ్లీ కలుస్తారన్న ఆశ ఎక్కడో మిణుకుమిణుకుమంటూ ఉండాలి, ఆశ పూర్తిగా తెగిపోతే అది శృంగారం కాక శోకమైపోతుందని మనవాళ్లు విభజించారు. ఆ సీరియల్ వాళ్లు ముందు శోకం చూపించి, తరువాత దానిని విప్రలంభంగా మార్చవలసి వచ్చింది. పేరు తెలియకపోయినా ప్రేక్షకులు తేడాను గుర్తించారు.

వేసవి గాలి

రచయిత గారూ, నా ప్రశ్నకు మీరు జవాబు ఇవ్వలేదు. చెల్లెలి పెళ్లి, డబ్బు వంటివి ఎందుకు రావు? డిక్షనరీ సీను చదివి నాకు కళ్లు చెమర్చాయి, అలాంటివి రాయగలిగినవారు ఇవి కూడా రాయవచ్చు కదా.

కృష్ణానగర్ మాటల రచయిత

క్షమించండమ్మా, పక్కకు వెళ్లిపోయాను. రాశాం, చానల్ సమావేశంలో ఆగిపోయింది. డబ్బు లేక పెళ్లి ఆగితే విలన్ ఎవరు అని అడిగారు. జీతం తక్కువ కావడానికి ముఖం ఉండదు కాబట్టి కెమెరా దేని మీదికి వెళ్లాలో తెలియదు. నిజాయితీగా చెప్పాలంటే, రోజుకు ఇరవై రెండు నిమిషాల చొప్పున ఆరు రోజులూ దానిని నిలబెట్టే నేర్పు మాకు కూడా ఇంకా పట్టుబడలేదు. వారానికి ఒక ఎపిసోడ్ ఇస్తే ప్రయత్నించేవాడిని. మీరు ట్యాంక్‌బండ్ మీద వేసుకున్న ఆ లెక్కలో ఒక్కో నెలా ఎంత మిగిలిందో గుర్తుంటే రాయండి. ఆ అంకె పెరగడమే ఒక కథ అవుతుంది.

మణికొండ ఎడిటర్

ఒక్క విషయంలో కృష్ణానగర్ గారితో ఏకీభవించలేను. జంటను కలిపి కూడా రోజూ నడపవచ్చని ఆయన 'చీర్స్' ఆధారంగా అంటున్నారు. అది ఏడాదికి పాతిక ఎపిసోడ్ల లెక్క. మన లెక్క మూడు వందలు దాటుతుంది. కలిసిన జంట తేడాలు ఎంత బాగున్నా ఏడాదిలో అరిగిపోతాయి. నేను కత్తిరించిన సీరియళ్లలో కలిసిన తరువాత రెండు వందల ఎపిసోడ్లు దాటి ఆ జంట మీదే నిలబడినది ఒక్కటీ లేదు. అన్నీ తోడికోడళ్ల మీదికో, పిల్లల మీదికో వెళ్లిపోయాయి.

కృష్ణానగర్ మాటల రచయిత

అది నిజమే, నేను కూడా చూడలేదు. కుదరదు కాబట్టి జరగలేదా, ఎవరూ చేయనివ్వలేదు కాబట్టి జరగలేదా అన్నది మాత్రం మనిద్దరికీ తెలియదు.

చిక్కడపల్లి పాఠకురాలు

అందరికీ ధన్యవాదాలు. రచయిత గారు చెప్పిన కాగితం సంగతి అత్తయ్యకు చెప్పాను. నిన్న రాత్రి ఇద్దరం ఒక నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాం, ఈ ఎపిసోడ్‌లో ఒకరి గురించి ఒకరికి కొత్తగా ఏం తెలిసిందో రాద్దామని. మొదటి పదిహేను నిమిషాల్లో రాయడానికి ఏమీ దొరకలేదు. తోడికోడలు ఫోన్‌లో మాట్లాడింది, మామగారు పేపరు చదివారు. మీరు చెప్పిన తరువాత చూస్తే నాయికానాయకులు నిన్న ఒక్క ఫ్రేములోనూ కలిసి లేరని కూడా తెలిసింది, బహుశా కాంబినేషన్ డేట్స్ లేవేమో.

చివర్లో మాత్రం అతను ఎప్పటిలాగే దిండు కోసం గదిలోకి వచ్చాడు. ఆమె నిద్రపోతోంది, ఈ సీనులో ముఖం చూపించలేదు, జడ మాత్రమే కనిపించింది. అతను మంచం అంచు వైపు చూసి, తన దిండు తీసి ఆమె కింద పడిపోకుండా నేల వైపు అడ్డంగా పెట్టి, ఖాళీ చేతులతో సోఫా దగ్గరికి వెళ్లాడు. అత్తయ్య నా చేతిలో పెన్ను తీసుకుని, "ఎనిమిది నెలలకు వీడికి తెలిసింది, అది అంచున పడుకుంటుందని," అంటూ తనే రాశారు.